మేడమ్ డైరీలో అరగంట

“మేడమ్, వచ్చే వారం మీకు ఎప్పుడు వీలవుతుందో చెప్పగలరా?”

చూడ్డానికి ఎంతో మర్యాదైన మెయిల్. కానీ నాలుగు కంపెనీల బోర్డుల్లో కూర్చునే మనిషికి ఈ ఒక్క వాక్యం బోలెడు పని పెడుతుంది. ఎంతసేపు మాట్లాడాలి, దేని గురించి, ఎవరెవరు ఉంటారు, ముందే ఏమైనా చదివి రావాలా? ఇవన్నీ ఆవిడే ఊహించుకోవాలి. డైరీ తెరిచి ఖాళీలు వెతకాలి, వాటిని టైప్ చేసి పంపాలి. పంపాక “ఆ టైమ్‌లో మా ఎండీ గారికి కుదరదండీ” అని జవాబొస్తే కథ మళ్లీ మొదటికి. అందుకే ఇలాంటి మెయిల్‌కి చాలాసార్లు జవాబే రాదు. కారెక్కుతూ చూసి, తర్వాత చూద్దాంలే అనుకుని ఫోన్ బ్యాగులో వేసేస్తారు. ఆ ‘తర్వాత’ రాదు.

మేనేజింగ్ డైరెక్టర్ల దగ్గర పనిచేసే ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్లు, ఆఫీసు మాటల్లో ఈఏలు, ఈ పనంతా అవతలివాళ్ల మీద పడకుండా ముందే తాము చేసిపెట్టుకుంటారు. మెయిల్ రాయడానికి పది నిమిషాలు పడితే, రాసేముందు చేసే పనికి పూట పడుతుంది. ఆ పూట ఏం చేస్తారో బయటివాళ్లకు కనపడదు కాబట్టి, ఒక్క మెయిల్‌ని తీసుకుని మొదటినుంచీ చూద్దాం.

హైదరాబాద్‌లో ఒక లిస్టెడ్ ఫార్మా కంపెనీ అనుకోండి. ఉదాహరణకే కాబట్టి పేర్లు అక్కర్లేదు. తేదీలు మాత్రం అసలు క్యాలెండర్‌వే, 2025 అక్టోబర్, నవంబర్ నెలలవి. ప్రమోటర్ల కుటుంబానికి చెందిన ఇంకో సంస్థకు జీడిమెట్లలో ఒక గోడౌన్ ఉంది. దాన్ని ఈ కంపెనీ అద్దెకు తీసుకోవాలనుకుంటోంది. సొంతవాళ్లతో బేరం కాబట్టి ఇది ‘రిలేటెడ్ పార్టీ’ లావాదేవీ అవుతుంది. సెబీ నిబంధనల ప్రకారం దీనికి ఆడిట్ కమిటీ ముందస్తు ఆమోదం ఉండాలి, అదీ ఆ కమిటీలోని ఇండిపెండెంట్ డైరెక్టర్లు మాత్రమే ఇవ్వాలి. కమిటీకి ఛైర్‌పర్సన్‌గా ఉన్నావిడ న్యూజెర్సీలో ఉంటారు. యాజమాన్యంతో ఏ సంబంధమూ లేకుండా బోర్డులో ఉన్న మనిషి. అద్దె ఎలా లెక్కగట్టారో, బయటి రేట్లు ఎలా ఉన్నాయో కమిటీకి వెళ్లే నోట్‌లో ఏమేం పెట్టాలో ఆవిడను ముందే అడిగి తెలుసుకోవాలని ఎండీ గారి ఆలోచన. కావాల్సింది అరగంట ఫోన్. ఆ అరగంట సంపాదించడం ఈఏ పని.

అది ఎందుకంత కష్టమో తెలియాలంటే సెప్టెంబర్ 30 దగ్గర మొదలుపెట్టాలి. ఆ రోజుతో మూడు నెలల లెక్కలు ముగుస్తాయి. లిస్టెడ్ కంపెనీలు ఆ ఫలితాలను 45 రోజుల్లోగా, అంటే నవంబర్ 14 లోపు ప్రకటించాలి. చేతిలో 45 రోజులున్నట్టు కనపడుతుంది గానీ అవన్నీ బోర్డు చేతికి రావు. ముందు లెక్కలు తేలాలి, ఆడిటర్లు వాటిని చూడాలి. మధ్యలో దీపావళి వచ్చిపడుతుంది. 2025లో అది అక్టోబర్ 20న వచ్చింది. దాంతో అన్ని కంపెనీల ఆడిట్ కమిటీలూ బోర్డు మీటింగులూ చివరి మూడు వారాల్లోకి వచ్చి కూర్చుంటాయి. ఒక మనిషి ఏడు లిస్టెడ్ కంపెనీల దాకా డైరెక్టరుగా ఉండొచ్చని సెబీ నిబంధన. మన మేడమ్ గారు నాలుగింటిలో ఉన్నారనుకుందాం. నాలుగు ఆడిట్ కమిటీలు, నాలుగు బోర్డులు, ఒక్కోదానికి వందల పేజీల కాగితాలు, అన్నీ ఆ మూడు వారాల్లోనే. ఇంటికి నలుగురు చుట్టాలు ఒకే పండక్కి వచ్చినట్టు, ఎవరినీ వద్దనడానికి లేదు, అందరికీ మంచం చూపించాలి.

ఈ రద్దీ జూలై, ఆగస్టుల్లోనూ, జనవరి, ఫిబ్రవరుల్లోనూ ఇలాగే ఉంటుంది. వార్షిక లెక్కలకు 60 రోజుల గడువుంది కాబట్టి మార్చి ముగిశాక వచ్చే సీజన్ మే చివరిదాకా సాగుతుంది. పాత ఈఏ అయితే ఈ నెలల పేర్లు చెప్పగానే మొహం ముడుచుకుంటుంది.

మన కంపెనీ ఆడిట్ కమిటీ, బోర్డు రెండూ నవంబర్ 13 గురువారం. గడువుకు ఒక్క రోజు ముందు. బోర్డు మీటింగుకు కనీసం ఏడు రోజుల నోటీసు ఇవ్వాలని కంపెనీల చట్టం చెబుతుంది. పంపిన రోజు, మీటింగ్ రోజు కాకుండా మధ్యలో ఏడు రోజులుండాలి. అంటే అజెండా నవంబర్ 5కల్లా వెళ్లిపోవాలి. ఆ రోజు బుధవారం, కార్తీక పౌర్ణమి, సెలవు. కాబట్టి 4వ తేదీ సాయంత్రానికే పంపేద్దామని కంపెనీ సెక్రటరీ నిర్ణయించారు. గోడౌన్ నోట్ కూడా అందులోనే వెళ్లాలి. అంటే మేడమ్ గారితో మాట్లాడి, ఆవిడ చెప్పిన మార్పులు చేయాలంటే, ఆ ఫోన్ 3వ తేదీ దాటకూడదు. ఈఏకి ఇప్పుడు వెతకాల్సిన కిటికీ తెలిసింది. దీన్ని లెక్కగట్టకుండా “నవంబర్ మొదటి వారంలో ఎప్పుడైనా” అని రాస్తే, ఆవిడ పెద్దమనసుతో 6వ తేదీ ఇస్తారు. అప్పటికి నోట్ వెళ్లిపోయి ఉంటుంది.

తర్వాత పని, ఆవిడ ఏ రోజుల్లో ఖాళీగా ఉండరో కనిపెట్టడం. బయటి కంపెనీ డైరెక్టర్ క్యాలెండర్ మన ఆఫీసు అవుట్‌లుక్‌లో కనపడదు. ఫలితాలు మాత్రం రహస్యంగా ప్రకటించరు కదా. ఫలానా తేదీన ఫలితాల కోసం బోర్డు కూర్చుంటోందని ప్రతి లిస్టెడ్ కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీకి ముందుగానే చెప్పాలి. బీఎస్ఈ, ఎన్ఎస్ఈ వెబ్‌సైట్లలో ఎవరైనా చూడొచ్చు. ఆవిడ ఇంకా ఏయే లిస్టెడ్ కంపెనీల్లో ఉన్నారో మన కంపెనీ వార్షిక నివేదికలోనే, కార్పొరేట్ గవర్నెన్స్ అధ్యాయంలో అచ్చయి ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఆవిడ డైరీలో సగం బయటపడుతుంది. పాత మీటింగులు ఏ టైమ్‌కి ఒప్పుకున్నారో చూస్తే మిగతా సగంలో కొంత. తెల్లవారుజామున పిలిస్తే వస్తారా, రాత్రి భోజనమయ్యాక అయితే పర్వాలేదా అన్నది ఈఏలు ఒక నోట్‌బుక్‌లో రాసుకునే సంగతి.

అక్టోబర్ 22 బుధవారం పొద్దున వెళ్లిన మెయిల్ ఇదీ. ఆఫీసుల్లో ఇవి ఇంగ్లీషులోనే నడుస్తాయి, ఇక్కడ మన మాటల్లో ఇస్తున్నాను.

విషయం: ఎండీ గారితో 30 నిమిషాల ఫోన్, నవంబర్ 13 కమిటీకి ముందు

“నమస్కారం మేడమ్.

నవంబర్ 13 ఆడిట్ కమిటీకి వచ్చే ఒక అంశంపై నోట్ ఖరారు చేసేముందు ఎండీ గారు మీతో 30 నిమిషాలు మాట్లాడాలనుకుంటున్నారు. సీఎఫ్ఓ గారు కూడా లైన్‌లో ఉంటారు. అజెండా 4న వెళ్తుంది కాబట్టి అంతకుముందే మాట్లాడగలిగితే బాగుంటుంది.

వీటిలో మీకు వీలైనది చెప్పగలరు:

ఎ) అక్టోబర్ 29 బుధవారం, మీకు రాత్రి 9:00 (హైదరాబాద్‌లో 30 గురువారం ఉదయం 6:30)
బి) అక్టోబర్ 30 గురువారం, మీకు ఉదయం 9:30 (హైదరాబాద్‌లో సాయంత్రం 7:00)
సి) అక్టోబర్ 31 శుక్రవారం, మీకు ఉదయం 8:00 (హైదరాబాద్‌లో సాయంత్రం 5:30)

ఒక్క అక్షరం రాస్తే చాలు, ఇన్విటేషన్ నేను పంపుతాను. ఈ మూడు టైములూ శుక్రవారం 24 సాయంత్రం దాకా ఎండీ గారి డైరీలో మీ కోసం ఆపి ఉంచుతున్నాను. రెండు పేజీల నోట్ ముందురోజు బోర్డు పోర్టల్‌లో పెడతాం. ఏదీ కుదరకపోతే ఆ మాటే చెప్పండి, వేరేవి చూస్తాను.”

ఇంతే. ఫోన్ తెర మీద ఒకటి రెండు సార్లు వేలితో తోస్తే అయిపోతుంది. ఆవిడ ఆలోచించాల్సింది ఒక్కటే, మూడింటిలో ఏది. మూడు స్లాట్లూ ఒకే పూటవి కావని గమనించండి. ఒకటి రాత్రి, ఒకటి పని మొదలయ్యాక, ఒకటి పొద్దున్నే. మూడూ ఉదయం పదింటికే ఇస్తే, ఆవిడకి ఉదయాలు కుదరకపోతే మూడూ ఒక్కసారే పోతాయి. ఐదారు ఇవ్వొచ్చు కదా అంటే, ఇవ్వొచ్చు. కానీ ఇచ్చిన ప్రతి స్లాటూ ఎండీ గారి డైరీలో కూడా ఆగిపోతుంది.

ఆఫీసుల్లో దీన్ని ‘హోల్డ్ పెట్టడం’ అంటారు. హోల్డ్ అంటే ఖరారు కాని మీటింగ్, కానీ చూసేవాళ్లకు ఆ టైమ్ నిండినట్టే కనపడుతుంది. ఈ మెయిల్ పంపేముందు ఈఏ ఎండీ గారి డైరీలో మూడు హోల్డులు పెట్టింది. పెట్టకపోతే, ఆవిడ ‘బి’ అనేలోపు ఆ సాయంత్రాన్ని సేల్స్ హెడ్ ఎగరేసుకుపోతాడు. ఆవిడకు మాత్రం ఏ హోల్డూ పంపలేదు. కొత్తగా చేరినవాళ్లు ఇక్కడ తొందరపడతారు. మూడు టైములకీ మూడు ఇన్విటేషన్లు డైరెక్టరుకే పంపేసి, “నచ్చినది ఉంచుకోండి” అంటారు. నిండిన డైరీలో మన కోసం మూడు గదులు బిగించడమే అది. పైగా మిగతా రెండూ రద్దు చేసేటప్పుడు ఇంకో రెండు మెయిళ్లు.

హోల్డ్ పెట్టడం కంటే తీసేయడం మర్చిపోవడమే ఎక్కువ నష్టం చేస్తుంది. జవాబొచ్చాక మిగిలిన రెండూ తీసేయకపోతే ఎండీ గారి వారం నిండుగా కనపడుతూనే ఉంటుంది. ఎవరో అత్యవసరంగా టైమ్ అడుగుతారు, లేదంటారు, తీరా ఆ గంటలో ఎండీ గారు ఒక్కరే కూర్చుని పేపరు చదువుకుంటూ ఉంటారు. మెయిల్‌లో “24 సాయంత్రం దాకా” అని రాసింది అందుకే. ఆ గడువు ఆవిడను తొందరపెట్టడానికి కాదు, ఈఏ తనకు తాను పెట్టుకున్నది.

విషయం వరుసలో గోడౌన్ ప్రస్తావన లేకపోవడం కూడా కావాలని చేసిందే. డైరెక్టర్ల క్యాలెండర్లు వాళ్ల అసిస్టెంట్లు చూస్తారు, ఒక్కోసారి వాళ్లు పనిచేసే మరో సంస్థ సిబ్బంది కూడా చూస్తారు. మీటింగ్ పేరు ఫోన్ లాక్ తెర మీద కూడా పడుతుంది. గోడౌన్ అద్దెతో షేరు ధర కదలకపోవచ్చు. కానీ అదే చోట “ఫలానా కంపెనీ కొనుగోలు” అని రాసుంటే? బయటికి రాని, షేరు ధరను కదిలించగల సమాచారం అక్కర్లేనివాళ్ల కంట పడినట్టే. ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల్లో ఈఏ లాంటి సెక్రటేరియల్ సిబ్బంది సంగతి పేరుపెట్టి ఉంది. అలాంటి సమాచారం చేతికొచ్చేవాళ్లయితే వాళ్లనూ ప్రత్యేక జాబితాలో చేర్చాలి. ఆ జాబితాలో ఉన్న ఈఏ అక్టోబర్ 1 నుంచి, ఫలితాలు వచ్చాక 48 గంటలు గడిచేదాకా, సొంత కంపెనీ షేరు కొనకూడదు, అమ్మకూడదు. కాబట్టి ఈ జాగ్రత్త ఆమెకు మర్యాద ఒక్కటే కాదు, ఉద్యోగం కూడా. అసలు సంగతి పోర్టల్‌లో పెట్టే నోట్‌లో ఉంటుంది, దాన్ని తెరవాలంటే పాస్‌వర్డ్ కావాలి.

24వ తేదీ రాత్రి జవాబొచ్చింది.

“మూడూ కష్టమే. 29, 30 వేరే బోర్డు పనులు, 31న ప్రయాణం. నవంబర్ 3 సోమవారం చూడండి. ‘బి’లో చెప్పిన టైమే నాకు బాగుంటుంది.”

ఇక్కడే చాలామంది పడతారు. 3వ తేదీ సోమవారం, సాయంత్రం 7:00 గంటలకు అని ఇన్విటేషన్ పంపేస్తారు. ‘బి’లో ఉన్నది అదే కదా!

కాదు. అమెరికాలో గడియారాలను వసంతంలో ఒక గంట ముందుకు జరిపి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. 2025లో ఆ ఆదివారం నవంబర్ 2. మన గడియారాలు ఏడాది పొడవునా కదలవు. కాబట్టి అక్టోబర్ 30న న్యూజెర్సీకీ హైదరాబాద్‌కీ తొమ్మిదిన్నర గంటల తేడా ఉంటే, నవంబర్ 3న అది పదిన్నర. ‘బి’లో ఆవిడ ఉదయం 9:30 మనకు రాత్రి 7:00. సోమవారం ఆవిడ 9:30 మనకు రాత్రి 8:00. ఏడింటికే పెడితే ఆవిడకు అది 8:30 అవుతుంది. ఎనిమిదిన్నరకు ఆవిడ ఏ రైల్లోనో, ఏ జిమ్‌లోనో ఉండొచ్చు. ఇటు ఎండీ గారు, సీఎఫ్ఓ గారు లైన్‌లో కూర్చుని “మేడమ్ ఇంకా చేరలేదేంటి?” అనుకుంటూ ఉంటారు. ఎవరూ తప్పు చేయలేదనే అందరూ అనుకుంటారు.

యూరప్ వాళ్లు గడియారం మార్చేది అక్టోబర్ చివరి ఆదివారం. 2025లో అది 26. అంటే లండన్‌లో ఒక డైరెక్టర్, న్యూజెర్సీలో ఒకరు ఉంటే, ఆ మధ్య వారంలో లండన్ మారిపోయి ఉంటుంది, న్యూజెర్సీ మారి ఉండదు. ఆ వారం సరిగ్గా మన ఫలితాల సీజన్ నడుమ పడుతుంది. మూడు ఊళ్ల వాళ్లను కలపాల్సిన ఈఏలు ఆ వారమంతా ఎవరినీ నమ్మరు, తమ లెక్కను కూడా.

అవుట్‌లుక్ లాంటి క్యాలెండర్లు ఈ మార్పును వాటంతట అవే లెక్కగడతాయి. ఇన్విటేషన్‌లో టైమ్‌తోపాటు ఏ ఊరి టైమో కూడా చెబితే, ఆవిడ ఫోన్‌లో ఆవిడ ఊరి టైమే సరిగ్గా కనపడుతుంది. చిక్కు వచ్చేది చేత్తో టైప్ చేసిన చోట. మీటింగ్ పేరులో “సా. 7:00” అని రాసి, తర్వాత మీటింగ్‌ను జరిపితే, క్యాలెండర్ గడి జరుగుతుంది గానీ పేరులోని అంకె అలాగే ఉండిపోతుంది. అప్పుడు ఒకే ఇన్విటేషన్ రెండు టైములు చెబుతుంది. ఇంకొకటి, అలవాటుగా ‘ఈఎస్‌టీ’ అని రాయడం. ఆ మూడక్షరాలు అమెరికా తూర్పు తీరపు శీతాకాలపు టైమ్‌వి. అక్టోబర్ 30న అక్కడ నడుస్తున్నది అది కాదు, దానికంటే గంట ముందున్నది. ‘న్యూజెర్సీ టైమ్’ అని రాస్తే ఏ కాలంలోనైనా గొడవ లేదు.

ఆవిడ ‘టైమే’ అన్నారు, ఏ ఊరి టైమో అనలేదు. ఆవిడ తన ఊరి టైమ్‌నే తలచుకుని ఉంటారని ఈఏకి దాదాపు తెలుసు. అయినా ఊహించి పంపకుండా ఒక్క వాక్యం రాసింది.

“అలాగే మేడమ్. నవంబర్ 3 సోమవారం, మీకు ఉదయం 9:30 (ముందురోజు మీ గడియారాలు మారతాయి కాబట్టి హైదరాబాద్‌లో రాత్రి 8:00). ఇన్విటేషన్ పంపాను. నోట్ శనివారం పోర్టల్‌లో ఉంటుంది.”

నోట్ ఆదివారం కాకుండా శనివారమే పెట్టింది, ఆదివారం చదవడానికి వీలుంటుందని. పాత మూడు హోల్డులూ తీసేసింది. ఎండీ గారి సోమవారం రాత్రి 8:00 నుంచి 8:45 దాకా బిగించింది. అరగంట మాటకు ముప్పావుగంట, ఎందుకంటే ఇండిపెండెంట్ డైరెక్టర్లు అడిగే చివరి ప్రశ్న సాధారణంగా ఇరవై తొమ్మిదో నిమిషంలో వస్తుంది. కంపెనీ సెక్రటరీకి విడిగా ఒక మాట చెప్పింది: ఫోన్ 3వ తేదీ రాత్రి, మార్పులకు మిగిలేది 4వ తేదీ పగలు మాత్రమే. ఆయన నోట్ తయారుచేసేవాళ్లను ఆ పగలు వేరే పని పెట్టుకోవద్దన్నారు.

ఈ మెయిల్ చేయలేనివీ ఉన్నాయి. ఫోన్‌లో ఆవిడ “బాగానే ఉంది” అన్నంత మాత్రాన గోడౌన్‌కు ఆమోదం వచ్చినట్టు కాదు. ఆమోదం కమిటీలోనే, మిగతా ఇండిపెండెంట్ డైరెక్టర్లతో కలిసి ఇవ్వాలి. దీన్ని మర్చిపోయిన ఎండీలు ‘మేడమ్ ఓకే అన్నారు’ అని మీటింగులో అనేసి, పక్కనున్న డైరెక్టర్ల చేత చివాట్లు తింటారు. అలాగే ఎండీ గారికి ఏం అడగాలో తేలకపోతే, ఎంత చక్కగా టైమ్ కుదిర్చినా అరగంట వృథా. ఈఏకి ఆ సంగతి తెలుస్తుంది, ఎందుకంటే “దేని గురించి” అన్న వాక్యం రాయడానికి ఎండీ గారిని అడగాల్సింది ఆమే. అక్కడ జవాబు నీళ్లు నమిలినట్టుంటే, మెయిల్ ఇంకా పంపకూడదు.

ఆఖరున ఒక మనవి, ఇలాంటి మెయిళ్లు అందుకునేవాళ్లకు. ఏ స్లాటూ కుదరకపోతే ఊరుకోకండి, “కుదరదు” అని ఒక్క ముక్క ఆ రోజే రాయండి. మీరు జవాబివ్వనంతసేపూ అవతల ఎవరి డైరీలోనో మూడు గంటలు మీ పేరు మీద తాళం వేసి ఉంటాయి.